ఆఫీసు మెసేజ్‌లో ‘మీరు’, ‘గారు’ తడబడకుండా రాయడం ఎలా: పేరు దగ్గర్నుంచి సంతకం దాకా

“సార్‌కి తెలుగులో మెసేజ్ పెట్టాలి, ఒకసారి చూసి పెట్టరా” అని మా ఆఫీసులో వారానికి ఇద్దరు ముగ్గురైనా ఫోన్ నా చేతిలో పెడతారు. ఇంగ్లిష్‌లో మెయిల్ అయితే చకచకా కొట్టేస్తారు, తెలుగు అనేసరికి ఎక్కడ మర్యాద తగ్గిపోతుందో అని భయం. ఆ భయంతో ప్రతి పేరు పక్కనా గారు పెడతారు, ప్రతి లైన్‌లో దయచేసి పెడతారు, కానీ అసలు చూసుకోవాల్సింది మాత్రం చూసుకోరు.

తెలుగులో మర్యాద ఉండేది ప్రధానంగా క్రియ చివర. ‘గారు’ అని రాసి ‘వచ్చాడు’ అంటే ఆ గారు ఉన్నా లేనట్టే. అందుకే నేను ఎవరి మెసేజ్ దిద్దినా ముందు పలకరింపు చూడను, వాక్యం చివర్లు చూస్తా. ఇక్కడ కూడా ఆ పద్ధతిలోనే చెప్తాను, వరసగా చేసుకుంటూ వెళ్తే చాలు.

## 1. రాయకముందే ముగ్గురిని లెక్క పెట్టుకోండి

ప్రతి ఆఫీసు మెసేజ్‌లో మూడు రకాల మనుషులు ఉంటారు. చదివేవాళ్లు, రాసే మీరు, మధ్యలో మీరు ప్రస్తావించే వాళ్లు. తప్పులు ఎక్కువగా ఈ మూడో రకం దగ్గరే జరుగుతాయి, ఎందుకంటే చదివేవాళ్ల విషయంలో మనం ఎలాగూ జాగ్రత్తగానే ఉంటాం.

టైప్ చేసేముందు చిన్న కాగితం మీద ఇవి రాసుకోండి:

- ఎవరికి పంపుతున్నాను? ఒక్కరికా, గ్రూప్‌కా?
- మెసేజ్‌లో ఎవరెవరి పేర్లు వస్తాయి? డ్రైవర్, అటెండర్, సెలవులో ఉన్న కొలీగ్, అందర్నీ రాయండి.
- నేను నా తరఫున రాస్తున్నానా, టీమ్ తరఫునా?

మూడో ప్రశ్న చాలామంది వదిలేస్తారు. ఒక్కరే రాస్తూ ‘మేము కోరుతున్నాము’ అంటే పెద్దరికం చూపించుకున్నట్టు ఉంటుంది, టీమ్ తరఫున రాస్తూ ‘నేను’ అంటే మిగతావాళ్లు ఏమయ్యారో తెలీదు. ఒకటి అనుకుని చివరిదాకా అదే ఉంచండి.

## 2. ‘మీరు’నా, ‘తమరు’నా, ఏదో ఒకటి ఖాయం చేసుకోండి

ప్రైవేట్ ఆఫీసు, బ్యాంకు, స్కూలు, సొసైటీ, ఎక్కడైనా ‘మీరు’ సరిపోతుంది. కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీ, ప్రభుత్వ శాఖకు రాసే దరఖాస్తు లాంటి వాటిలో ‘తమరు’, ‘తమ దృష్టికి’, ‘తమ విధేయుడు’ అనే అలవాటు ఉంది, అక్కడ అది బాగానే అమరుతుంది. అదే మాట రోజూ కలిసి టీ తాగే టీమ్ లీడ్‌కి రాస్తే మాత్రం మనకీ ఆయనకీ మధ్య గోడ కట్టినట్టు ఉంటుంది.

రెండూ కలపడమే పెద్ద తప్పు. మొదటి పేరాలో ‘మీరు చెప్పినట్టు’ అని, రెండో పేరాలో ‘తమరు అనుమతిస్తే’ అని రాస్తే మధ్యలో ఎక్కడినుంచో కాపీ చేసినట్టు తెలిసిపోతుంది, చాలాసార్లు నిజంగానే పాత దరఖాస్తు నుంచి తీసి అతికించి ఉంటారు కూడా.

‘తమ’తో ఇంకో చిక్కు ఉంది. ‘తమ’ అంటే ‘మీ’ అనే గౌరవం ఒకటి, ‘వాళ్ల సొంత’ అనే అర్థం ఇంకొకటి. “ఉద్యోగులు తమ రిపోర్టులు తమకు పంపుతారు” అని రాస్తే ఎవరి రిపోర్టులు ఎవరికి? “ఉద్యోగులు తమ రిపోర్టులు మీకు పంపుతారు” అంటే ఏ గొడవా ఉండదు. అందుకే మెసేజ్‌లో వేరేవాళ్ల గురించి ఎక్కువ మాట్లాడాల్సి ఉంటే నేను తమరు జోలికి వెళ్లను.

‘నువ్వు’ సంగతి. రోజూ నువ్వు అనుకునే కొలీగ్‌కైనా సరే, ఆ మెసేజ్ ఇంకెవరైనా చదివేదైతే మీరు అనే రాయండి. మీటింగ్ నోట్, గ్రూప్ మెసేజ్, సెలవు చీటీ, ఇవన్నీ రేపు ఇంకొకళ్ల చేతికి వెళ్లేవే.

## 3. సంబోధన లైన్

‘గౌరవనీయమైన మేనేజర్ గారికి’ అని చాలా మెసేజ్‌లలో చూస్తుంటా. ‘గౌరవనీయమైన’ అనేది వస్తువుకో, సంస్థకో, పదవికో వాడే రూపం. మనిషికి ‘గౌరవనీయులైన’. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా అదే, వేరే రూపం వెతుక్కోనక్కర్లేదు.

ఇంకొకటి, ‘గౌరవ’ అని ముక్కగా పెట్టేటప్పుడు చూసుకోండి. ‘గౌరవ అధ్యక్షులు’ అంటే సంఘాల్లో అదో పదవి, గౌరవార్థం ఇచ్చేది. అసలు అధ్యక్షుల వారికి ఉత్తరం రాస్తూ ‘గౌరవ అధ్యక్షులకు’ అంటే వేరే ఆయనకి రాశారేమో అనుకోవచ్చు. ‘గౌరవనీయులైన అధ్యక్షుల వారికి’ అని రాస్తే తేడా రాదు.

‘-డు’తో ముగిసే పదవులు గారు ముందు అలాగే వదిలేయకండి. ‘అధ్యక్షుడు గారు’, ‘సంచాలకుడు గారు’ అంటే చెవికి రాయి తగిలినట్టు ఉంటుంది, ఒక చేత్తో తగ్గించి ఇంకో చేత్తో పెంచినట్టు. ‘అధ్యక్షులు గారు’, ‘సంచాలకులు గారు’ అనండి. మేనేజర్, కమిషనర్, కార్యదర్శి లాంటి వాటికి ఈ బాధ లేదు, నేరుగా గారు తగిలించొచ్చు.

పేరుతో పిలిచేటప్పుడు మన పేర్లలో ఇంటిపేరు ముందు ఉంటుంది కదా, ఇంగ్లిష్ మెయిల్ అలవాటులో ఇంటిపేరు పట్టుకుని గారు పెట్టేవాళ్లు ఉన్నారు. ఆఫీసు మెసేజ్‌లో అసలు పేరుకే గారు పెట్టండి, ‘వెంకటేశ్వరరావు గారికి’ అని. పేరు పొడుగ్గా ఉంది కదా అని ‘వెంకట్ గారు’ అని మీరే కుదించకండి, వాళ్లు సంతకంలో ఎలా రాసుకుంటారో అలాగే.

శ్రీమతి, కుమారి అనేవి ఆవిడే అలా రాసుకుంటే తప్ప వాడొద్దు. పేరు, గారు, అంతే చాలు. ‘సార్ గారు’ మాటల్లో వినిపిస్తుంది కానీ రాతలో సార్ అంటే సార్, గారు అంటే గారు, రెండిట్లో ఒకటి చాలు. ‘మేడం గారు’ మాత్రం రాతలో కూడా బాగా అలవాటైపోయింది, దాన్ని తప్పు పట్టేవాళ్లు నాకైతే కనపడలేదు.

## 4. ‘గారు’కి ప్రత్యయం తగిలినప్పుడు

ఇది చిన్న విషయమే కానీ ఎక్కడ చూసినా కనిపించే తప్పు. గారు తర్వాత కి, ని, తో ఏది వచ్చినా అది ‘గారి’ అవుతుంది.

- గారుకి కాదు, గారికి. ‘గారికు’ కూడా కాదు.
- గారుని కాదు, గారిని.
- గారుతో కాదు, గారితో.
- మేనేజర్ గారు టేబుల్ కాదు, మేనేజర్ గారి టేబుల్.
- నేరుగా పిలిస్తే దీర్ఘం: “లక్ష్మి గారూ, ఫైల్ అందింది.”

గారు కలిపి రాయాలా విడిగా రాయాలా అని అడుగుతారు. రెండూ వాడుకలో ఉన్నాయి. ఒకే మెసేజ్‌లో ఒక చోట కలిపి ఒక చోట విడగొట్టకుండా ఉంటే సరి.

‘ఆయన గారు’, ‘ఆవిడ గారు’ అని మాత్రం రాయకండి. మర్యాద డబుల్ చేద్దామని పెడతారు కానీ చదివేవాళ్లకి అది దెప్పిపొడుపులా వినిపిస్తుంది. ఆయన, ఆమె, లేకపోతే వారు, ఇవి వాటికవే గౌరవంగా ఉన్నాయి. ‘అతను’ అనేది ఈడువాళ్లకో చిన్నవాళ్లకో మాటల్లో సరే, ఆఫీసు రాతలో కొలీగ్ గురించి ‘ఆయన’ అనడమే బావుంటుంది.

## 5. క్రియ చివర ‘-రు’, ఎవరికైనా సరే

గారు, మీరు, ఆయన, వారు, ఇవి ఉన్నాక, ‘రాలేదు’, ‘పంపాలి’ లాంటి ఎవరికైనా మారని రూపాలు తప్ప, క్రియ -రుతోనే ముగియాలి. వచ్చారు, పంపుతారు, ఉన్నారు, లేరు. ఇది అందరికీ తెలుసు, అయినా మూడు చోట్ల జారిపోతారు.

మొదటిది ఆడవాళ్ల దగ్గర. “డీజీఎం గారు ఓకే అన్నారు, అకౌంట్స్ మేడం ఇంకా చెక్ చేయలేదు అంది.” ఒకే వాక్యంలో ఆయనకి ‘అన్నారు’, ఆమెకి ‘అంది’. రాసినవాళ్లకి అగౌరవపరచాలని ఏమాత్రం ఉండదు, ఇంట్లో అమ్మ వచ్చింది, అక్క చెప్పింది అనే అలవాటు అలా వచ్చేస్తుంది. కానీ తెలుగులో ఈ ‘-ంది’ ఆడవాళ్లకీ, కుర్చీకీ, బస్సుకీ ఒకటే, పక్కన మగాయనకి -రు పెట్టి ఇక్కడ ఇది పెడితే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ‘అన్నారు’, ‘చెప్పారు’, ‘సెలవులో ఉన్నారు’ అనే రాయండి.

రెండోది చిన్న ఉద్యోగాల దగ్గర. ‘డ్రైవర్ వస్తాడు’, ‘అటెండర్ ఫైల్ తెస్తాడు’, ‘స్వీపర్ రాలేదు, ఆమె రేపు వస్తుంది’. మాటల్లో ఏమన్నా రాతలో ఇక్కడ కూడా -రు. “డ్రైవర్ ఆరింటికి వస్తారు.” గారు పెట్టకపోయినా ఫర్వాలేదు, క్రియ ఒక్కటి సరిచేస్తే చాలు. ఈ విషయంలో నేను గట్టిగా ఉంటాను, ఎందుకంటే ఆ గ్రూప్‌లో డ్రైవర్ కూడా ఉంటారు, ఆయన కూడా చదువుతారు.

మూడోది క్రియ కాని మాటల్లో. “మీరు కొత్తవాడు కాబట్టి”, “ఈ పనికి ఆయన ఒక్కడే ఉన్నారు”, “మీరే బాధ్యుడు”. ఇక్కడ నామం కూడా మారాలి: కొత్తవారు, ఒక్కరే, బాధ్యులు. ‘అనుభవజ్ఞుడు’ అనుభవజ్ఞులు అవుతుంది, ‘ఒకడు’ ఒకరు అవుతుంది. క్రియలు చూసుకున్నవాళ్లు కూడా వీటిని దాటేస్తారు.

దీనికి తిరగేసి ఇంకో తప్పు: మనిషి కానిదానికి -రు పెట్టడం. కమిటీ నిర్ణయించింది, యాజమాన్యం ప్రకటించింది, హెచ్ఆర్ విభాగం తెలియజేసింది. ఇవి సంస్థలు, వీటికి ‘-ంది’ తక్కువేం కాదు. హెచ్ఆర్‌లో ఒక మనిషి చెబితే ‘హెచ్ఆర్ మేనేజర్ గారు తెలియజేశారు’. ఏది చెప్పదలుచుకున్నారో అది చెప్పండి, ‘హెచ్ఆర్ చెప్పారు’ అంటే రెండిట్లో ఏదో తేలదు.

యాస గురించి కూడా అడుగుతారు. తెలంగాణలో ‘చెప్పిండ్రు’, రాయలసీమలో ‘చెప్పినారు’ అనేవి పూర్తి గౌరవ రూపాలే, తప్పేమీ లేదు. మన ఊరి ఆఫీసులో, మన టీమ్ లోపల హాయిగా రాసుకోవచ్చు. నాలుగు జిల్లాలకు వెళ్లే సర్క్యులర్ లాంటిదైతే అందరికీ కంటికి అలవాటైన ‘చెప్పారు’ వాడతాం, అంతే తేడా. ‘సార్ వచ్చిండు’ అని ప్రేమగా అనేది మాత్రం రాతలో పెట్టకండి, పక్క జిల్లావాళ్లకి ఆ ప్రేమ కనపడదు, ‘వచ్చాడు’ అన్నట్టే కనిపిస్తుంది.

## 6. ‘చెప్పారు’ అంటే ఎవరు చెప్పారు?

ఇది నా చేతులు కాలిన విషయం, అందుకే కొంచెం ఎక్కువ చెప్తా.

తెలుగులో ‘మీరు చెప్పారు’, ‘ఆయన చెప్పారు’, ‘వాళ్లు చెప్పారు’, మూడిటికీ క్రియ ఒకటే. నువ్వు అయితే ‘చెప్పావు’, వాడు అయితే ‘చెప్పాడు’, తేడా తెలిసిపోతుంది కాబట్టి ఎవరో చెప్పకపోయినా నడుస్తుంది. మర్యాద రూపంలోకి వెళ్లగానే ఆ తేడా పోతుంది. మనకేమో మాటల్లో కర్తని వదిలేసే అలవాటు.

చాలా ఏళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఒక పెద్ద అధికారికి మెసేజ్ పెట్టాను: “సార్, బిల్లు ఆపమని చెప్పారు, అందుకే పంపలేదు.” నా ఉద్దేశం పర్చేజ్ సెక్షన్ వాళ్లు చెప్పారని. ఆయన చదివింది ‘మీరే చెప్పారు’ అని. రెండు నిమిషాల్లో ఫోన్ వచ్చింది, “నేనెప్పుడు చెప్పానయ్యా ఆపమని?” అని. నా మెసేజ్‌లో మర్యాదకి ఏ లోటూ లేదు, లేనిదల్లా ఒక్క మాట, ‘పర్చేజ్ సెక్షన్ వాళ్లు’.

అందుకే మర్యాద మెసేజ్‌లో కర్తని వదలొద్దు. ‘మీరు చెప్పారు’, ‘మేనేజర్ గారు చెప్పారు’ అని ప్రతి వాక్యంలో కనపడాలి. కొంచెం పొడుగవుతుంది, అవనివ్వండి.

ఇలాంటిదే ‘మీరు’తో. మీరు అంటే ఒక్కరా, అందరా? గ్రూప్‌లో “రేపు మీరు తొందరగా రండి” అంటే పదిమంది వస్తారు, లేదా ఎవరికి వారు నాకు కాదనుకుని ఎవరూ రారు. అందరికీ అయితే ‘మీరందరూ’, ఇద్దరికి అయితే ‘మీరిద్దరూ’, ఒక్కరికి అయితే పేరు పెట్టి పిలిచి ఆ తర్వాత మీరు: “రమేశ్ గారూ, రేపు మీరు తొందరగా రాగలరా?”

‘వారు’ కూడా అంతే. ఒక పెద్దాయన్ని ‘వారు’ అంటాం, నలుగురినీ ‘వారు’ అంటాం. ఒకే మెసేజ్‌లో రెండూ ఉంటే ఒక్కరికి ‘ఆయన’ లేదా ‘ఆమె’ అని, గుంపుకి ‘వారంతా’ లేదా ‘వాళ్లందరూ’ అని విడదీయండి.

## 7. పని అడిగే వాక్యం

ఇక్కడ మెట్లు ఉన్నాయి. ఒకే పని, ఫైల్ పంపడం అనుకోండి:

- “ఫైల్ పంపండి.” మర్యాదే, కానీ నేరుగా ఉంటుంది. సాటివాళ్లకి, టీమ్‌కి.
- “ఫైల్ పంపగలరు.” ఆఫీసు రాతల్లో బాగా నడిచేది, పైవాళ్లకి కూడా.
- “ఫైల్ పంపగలరని మనవి.” పైవాళ్లకి, ఇంకొంచెం వంగి.
- “ఫైల్ పంపవలసిందిగా కోరుతున్నాను.” ఉత్తరం, దరఖాస్తు, వేరే ఆఫీసుకి రాసేది.
- “మీరు ఫైల్ పంపాలి.” -రు లేకపోయినా తప్పేం కాదు, కానీ ఇది ఆర్డర్. పైవాళ్లకి రాయకూడదు.

ఒక వాక్యానికి ఒక మెట్టే. “దయచేసి పంపగలరని కోరి ప్రార్థిస్తున్నాను” అని అన్నీ ఒకచోట పోస్తే భారమే తప్ప మర్యాద పెరగదు. దయచేసి, గలరు రెండూ కలిపి రాయడం బాగా కనిపిస్తుంది, తప్పనను కానీ ఒకటి తీసేస్తే వాక్యం తేలికపడుతుంది.

ఎవరు ఎవరికి అనేదాన్ని బట్టి ఆ అడగడానికి పెట్టే పేరు కూడా మారుతుంది. కిందినుంచి పైకి మనవి, విన్నపం. పక్కవాళ్లకి, అందరికీ కలిపి అయితే విజ్ఞప్తి. పైనుంచి కిందికి సూచన. పైవాళ్లకి “సూచిస్తున్నాను” అని రాసి తర్వాత ఎందుకు ముభావంగా ఉన్నారో అర్థంకాక తలపట్టుకున్నవాళ్లని చూశాను. వాళ్లకి మన ఆలోచన చెప్పాలంటే ‘మీ దృష్టికి తెస్తున్నాను’, ‘మీ పరిశీలనకు పంపుతున్నాను’ అనండి.

వాళ్లవైపు ఆలస్యం అయిందని చెప్పాల్సి వచ్చినప్పుడు మనిషిని పక్కకు తప్పించి వస్తువుని ముందుకు తేవాలి. “మీరు ఇంకా లిస్టు పంపలేదు” అనే బదులు “లిస్టు మాకు ఇంకా అందలేదు.” విషయం అదే, వేలెత్తి చూపినట్టు ఉండదు. ఇదే పని ‘పంపబడలేదు’తో చేద్దామనుకుంటారు కొందరు, వద్దు, ‘అందలేదు’, ‘రాలేదు’, ‘చేరలేదు’ అనే మంచి మాటలు మనకి ఉన్నాయి.

‘అండి’ చాట్‌లో బావుంటుంది, ‘సరేనండి’, ‘అలాగేనండి’. ఉత్తరంలాంటి మెసేజ్‌లో ప్రతి వాక్యానికీ తగిలించొద్దు.

## 8. మనకి మనం గారు పెట్టుకోకూడదు

వినడానికి మామూలుగా ఉంది కానీ ఈ తప్పు చాలా రూపాల్లో వస్తుంది.

సంతకంలో సొంత పేరుకి శ్రీ, గారు వద్దు. ‘ఇట్లు, మీ విధేయుడు’ అని మగవాళ్లు, ‘విధేయురాలు’ అని ఆడవాళ్లు, టీమ్ మొత్తం అయితే ‘విధేయులు’. ఒక్కరే సంతకం పెడుతూ ‘విధేయులు’ అంటే తనని తాను బహువచనంలో గౌరవించుకున్నట్టు. విధేయత మాట ఇష్టం లేకపోతే ‘ఇట్లు’ అని పేరు రాసినా ఏమీ తక్కువ కాదు.

‘విచ్చేయడం’, ‘సెలవివ్వడం’ లాంటివి ఎదుటివాళ్లకే. “నేను మీటింగ్‌కి విచ్చేశాను” అనకూడదు, వచ్చాను, హాజరయ్యాను అనాలి. వాళ్లు సెలవిచ్చారు, మనం మనవి చేశాం.

“నేను ఒక్కరినే ఉన్నాను” అని రాస్తున్నారు ఈమధ్య. ‘ఒక్కరు’ గౌరవ రూపం, తన గురించి అయితే మగవాళ్లు ‘ఒక్కడినే’, ఆడవాళ్లు ‘ఒక్కదాన్నే’. ఆఫీసు మెసేజ్‌లో ‘ఒక్కదాన్నే’ రాయడానికి ఇబ్బందిగా ఉందని ఒకరు అడిగారు, న్యాయమే, అప్పుడు “నేను మాత్రమే ఉన్నాను” అనండి, ఏ గొడవా లేదు.

ఇంకా మన, మా. బయటి ఆఫీసుకి రాసేటప్పుడు ‘మన బ్రాంచ్’ అనకండి, చదివేవాళ్లు ఆ బ్రాంచ్ వాళ్లు కారు కదా, ‘మా బ్రాంచ్’. సొంత గ్రూప్‌లో మాత్రం తిరగబడుతుంది, అక్కడ ‘మా ఆఫీసులో’ అంటే వాళ్లని బయట నిలబెట్టినట్టు, ‘మన ఆఫీసులో’ అనాలి.

## 9. ఒక మెసేజ్ తీసుకుని దిద్దుదాం

ఒక బ్రాంచ్‌లో అకౌంటెంట్, తన రీజినల్ మేనేజర్ మేడంకి రాసిన డ్రాఫ్ట్ అనుకోండి. నేను చూసే డ్రాఫ్టులన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి:

> గౌరవనీయమైన రీజినల్ మేనేజర్ మేడం గారుకి నమస్కారం. ఈ నెల 14న స్టాక్ ఆడిట్ అని చెప్పారు. ఆ రోజు మా బ్రాంచ్ మేనేజర్ గారు హైదరాబాద్ మీటింగ్‌కి వెళ్తున్నాడు. స్టోర్ ఇన్‌చార్జ్ కూడా లీవ్‌లో ఉంటుంది, తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి, నేను ఒక్కరినే ఉంటాను. మీరు పాత స్టాక్ లిస్టు ఇంకా పంపలేదు. కాబట్టి తమరు ఆడిట్ 18కి మార్చాలి. దయచేసి వెంటనే రిప్లై ఇవ్వగలరని మనవి చేసి కోరుతున్నాను. ఇట్లు, మీ విధేయులు.

ఒక్కో వాక్యం పట్టుకుందాం. మొదటి లైన్‌లో రెండు, గౌరవనీయులైన కావాలి, గారికి కావాలి.

‘చెప్పారు’ దగ్గర కర్త లేదు. మేడమే చెప్పారా, హెడ్ ఆఫీసు వాళ్లా? మేడమే కాబట్టి ‘మీరు’ పెట్టాలి, ఎప్పుడు చెప్పారో కూడా చేరిస్తే ఆవిడకి గుర్తొస్తుంది.

బ్రాంచ్ మేనేజర్‌కి గారు ఉంది, క్రియ ‘వెళ్తున్నాడు’. స్టోర్ ఇన్‌చార్జ్‌కి ‘ఉంటుంది’. రెండూ -రు కావాలి. తాళాలు ‘ఉంటాయి’ అన్నది సరైనదే, తాళాలకి గౌరవం అక్కర్లేదు. ‘ఒక్కరినే’ తీసేసి ‘మాత్రమే’.

తర్వాతది వేలెత్తి చూపే వాక్యం, దాన్ని ‘అందలేదు’ చేద్దాం. ఆ పక్కనే ‘తమరు’ ఊడిపడింది, పైగా ‘మార్చాలి’ అని ఆర్డర్. చివరి విన్నపంలో దయచేసి, గలరు, మనవి, కోరుతున్నాను, నాలుగు మెట్లూ ఒకేసారి ఎక్కారు, ‘వెంటనే’ అనే తొందర కూడా ఉంది. వెంటనే అనేకంటే తేదీ చెప్తే మర్యాదా, స్పష్టతా రెండూ ఉంటాయి. సంతకం పెడుతున్నది ఒక్కరే, ‘విధేయులు’ కుదరదు.

దిద్దాక:

> గౌరవనీయులైన రీజినల్ మేనేజర్ మేడం గారికి నమస్కారం.
>
> ఈ నెల 14న మా బ్రాంచ్‌లో స్టాక్ ఆడిట్ ఉంటుందని మీరు సోమవారం ఫోన్‌లో చెప్పారు. ఆ రోజు మా బ్రాంచ్ మేనేజర్ గారు హైదరాబాద్ మీటింగ్‌కి వెళ్తున్నారు. స్టోర్ ఇన్‌చార్జ్ గారు కూడా 13 నుంచి 16 వరకు సెలవులో ఉంటారు, గోడౌన్ తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి. బ్రాంచ్‌లో నేను మాత్రమే ఉంటాను. పాత స్టాక్ లిస్టు కూడా మాకు ఇంకా అందలేదు.
>
> వీలైతే ఆడిట్‌ను 18వ తేదీకి మార్చవలసిందిగా కోరుతున్నాను. మీ నిర్ణయాన్ని బుధవారం లోపు తెలియజేయగలరు.
>
> ఇట్లు,
> మీ విధేయుడు

గమనించండి, రెండో దానిలో గౌరవ పదాలు పెరగలేదు. దయచేసి పోయింది, తమరు పోయింది, మనవి పోయింది. కొత్తగా చేరింది ఒక ‘గారు’, ‘చెప్పారు’ కోసం ఒక ‘మీరు’, మారినవి క్రియల చివర్లు.

## 10. పంపే బటన్ నొక్కేముందు

కింది నుంచి పైకి చదవండి, చివరి వాక్యం ముందు, మొదటి వాక్యం ఆఖర్న. వరసగా చదివితే అర్థంలో కొట్టుకుపోయి చివర్లు కనపడవు, వెనక్కి చదివితే ఒక్కో వాక్యం విడిగా కనిపిస్తుంది. చదువుతూ ఇవి చూసుకోండి:

- మనుషుల గురించిన ప్రతి క్రియ -రుతో ముగిసిందా? ‘-డు’, ‘-ంది’ దగ్గర ఆగి, అది మనిషికా వస్తువుకా చూడండి.
- నీ, నీకు, నిన్ను, ‘-వు’తో ముగిసే క్రియలు ఎక్కడైనా జారాయా? మొదట నువ్వు అని టైప్ చేసి తర్వాత మార్చిన మెసేజ్‌లలో ఇవి మిగిలిపోతాయి.
- ‘చెప్పారు’, ‘అన్నారు’, ‘అడిగారు’ ముందు ఎవరో ఉందా?
- గారుకి, గారుని, గారుతో ఉన్నాయా?
- మీరు, తమరు కలిశాయా?
- ‘మీరు’ అన్నది ఒక్కరికో అందరికో తెలుస్తోందా?
- ఒక్కో విన్నపానికి ఒక్క మెట్టేనా?
- నా పేరు దగ్గర శ్రీ, గారు, నా పనికి ‘విచ్చేశాను’ లాంటివి ఉన్నాయా?

పంపాక తప్పు కనపడితే, ‘వెళ్తున్నాడు’ లాంటిదైతే, ఊరుకోకండి, అలాగని పెద్ద క్షమాపణ కూడా అక్కర్లేదు. ఎడిట్ చేసే వీలుంటే మార్చండి, లేకపోతే కిందనే “పై మెసేజ్‌లో ‘వెళ్తున్నారు’ అని చదువుకోగలరు, టైపింగ్‌లో పొరపాటు జరిగింది” అని ఒక్క లైన్ పెట్టండి.